మోగని ఫోన్‌తో ఫినామినాలజీ: రిడక్షన్, ఇంటెన్షనాలిటీ మొదటిసారి చేసి చూడటం ఎలా

జేబులో ఫోన్ వైబ్రేట్ అయిందని చెయ్యి పెడితే అక్కడ ఫోనే ఉండదు, బ్యాగులో ఎక్కడో ఉంటుంది. చాలామందికి అనుభవమే ఇది. ఏదైనా మన అనుభవంలో ఎలా కనిపిస్తుందో వర్ణించే పద్ధతి ఫినామినాలజీ, ఆ మెథడ్ మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టలేదు. ఎందుకో ముందుకెళ్ళేకొద్దీ తెలుస్తుంది. పుస్తకాల్లో ఎక్కువగా బల్ల మీద వస్తువుతో మొదలెడతారు, అది అక్కడ నిజంగానే ఉంటుంది కాబట్టి స్టూడెంట్‌కి కష్టమేంటో అర్థం కాదు, "ఉన్నదాన్ని ఉన్నట్టు వర్ణించమంటున్నారు, అంతేగా" అనుకుని వెళ్ళిపోతారు.

ఇది చదివితే వచ్చేది కాదు, రాస్తేనే వస్తుంది. ఓ కాగితం, పెన్ను, ఒక్క అనుభవం చాలు. అనుభవం కూడా చిన్నదై ఉండాలి, నాలుగైదు సెకన్లది. "నా బాల్యం", "ఒంటరితనం" లాంటివి మొదటిసారికి వద్దు, వాటిలో కథ ఎక్కువైపోయి అనుభవం దొరకదు.

ముందు ఇంటెన్షనాలిటీ సంగతి

1874లో ఫ్రాంజ్ బ్రెంటానో అనే ఫిలాసఫర్ ఒక మాటన్నాడు: మనసులో జరిగే ప్రతిదీ దేని గురించో ఒకదాని గురించే ఉంటుంది. చూడటమంటే దేన్నో చూడటం, భయమంటే దేనికో భయం, గుర్తుకురావడమంటే ఏదో గుర్తుకురావడం. రాయికి ఆ గుణం లేదు, రాయి దేని గురించీ కాదు. ఈ "గురించి ఉండటం" పేరే ఇంటెన్షనాలిటీ. కావాలని చెయ్యడం, ఉద్దేశం అనే మామూలు అర్థంతో దీనికి పనిలేదు, అది పక్కన పెట్టెయ్యండి.

బ్రెంటానో ఆ వస్తువు మనసు లోపలే ఏదో రకంగా ఉంటుందన్నట్టు రాశాడు. ఆయన దగ్గర చదువుకుని, తర్వాత ఫినామినాలజీని మొదలెట్టిన ఎడ్మండ్ హుస్సెర్ల్, 1900-1901లో వచ్చిన లాజికల్ ఇన్వెస్టిగేషన్స్‌లో, అక్కడే పేచీ పెట్టాడు. జూపిటర్ దేవుణ్ణి తలుచుకున్నాననుకోండి, నా మనసు విప్పి వెతికితే లోపల జూపిటర్ కనపడడు, బయట ప్రపంచంలోనూ లేడు, అయినా నా ఆలోచన జూపిటర్ గురించే, ఇంకెవరి గురించో కాదు. అంటే అనుభవానికి దిశ ఉండటానికి ఆ వస్తువు నిజంగా ఉండాల్సిన పనిలేదు, అలాగని దాని బొమ్మొకటి తలలో ఉందని ఊహించుకోవాల్సిన పనీ లేదు. తలలో బొమ్మ ఉందంటే ఆ బొమ్మని చూసేదెవరు, అది ఫలానా దాని బొమ్మ అని గుర్తుపట్టేదెవరు అని ప్రశ్న మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇప్పుడు మన ఫోన్ దగ్గరికి రండి. ఆ క్షణంలో మీ అనుభవం దేని గురించి? స్టూడెంట్స్ చాలామంది "తొడ మీద ఒక స్పర్శ గురించి" అని రాస్తారు. ఆగి చూసుకోండి. మీ ధ్యాస స్పర్శ మీద ఉందా, ఫోన్ మీద ఉందా? ఫోన్ మీదే. స్పర్శ ఉంది, కాదనట్లేదు, కానీ మీరు దానిలోంచి పోయి ఫోన్‌ని పట్టుకున్నారు. స్పర్శని మీరు అనుభవించారు, ఫోన్ మీకు కనిపించింది (కంటికి అని కాదు, తెలిసింది అనే అర్థంలో వాడుతున్నా, కింద కూడా అంతే). ఈ తేడా పట్టుబడితే సగం పని అయినట్టే. అక్కడ లేని ఫోన్ మీకు ఫోన్‌గా ఎలా కనిపించింది అన్నదే మిగతా సగం.

ఎపోకే: ఆపాల్సింది దేన్ని

మామూలుగా బతికేటప్పుడు ప్రపంచం ఉంది, అందులో నేనున్నాను, వస్తువులు నేను చూడకపోయినా ఉంటాయి అనే నమ్మకం అడుగున నడుస్తూనే ఉంటుంది. దాన్ని ఎవరూ నోటితో అనరు, అనాల్సిన అవసరమే రాదు. 1913లో వచ్చిన ఐడియాస్ మొదటి భాగంలో హుస్సెర్ల్ దీన్ని నేచురల్ ఆటిట్యూడ్ అన్నాడు, సహజ దృక్పథం అనుకోవచ్చు. ఆ నమ్మకాన్ని కాసేపు వాడకుండా ఆపడమే ఎపోకే.

ఆపడమంటే ప్రపంచం లేదనడం కాదు, మాయ అనడం అసలే కాదు. డెకార్ట్ లాగా అనుమానించి, గట్టి పునాది దొరికేదాకా తవ్వడం కూడా కాదు. హుస్సెర్ల్ అప్పటికే ఈ అపార్థం ఊహించి, నేను ప్రపంచాన్ని కాదనట్లేదు, అనుమానించట్లేదు అని అదే పుస్తకంలో విడిగా చెప్పుకున్నాడు. ఆయన మొదట లెక్కల మనిషి, అందుకే బ్రాకెట్ అనే పోలిక వాడాడు: బ్రాకెట్లో పెట్టినది కాగితం మీద కనపడుతూనే ఉంటుంది, చెరిపెయ్యలేదు, కానీ ప్రస్తుతానికి దాన్ని లెక్కలోకి తీసుకోం.

అసలు తిరకాసు ఇక్కడుంది, మోగని ఫోన్‌ని ఎంచుకున్నదీ ఇందుకే. "ఉంది" అనే తీర్పుని బ్రాకెట్లో పెట్టాలని అందరికీ గుర్తుంటుంది. "లేదు" అనే తీర్పు కూడా అంతే తీర్పు అని ఎవరికీ గుర్తుండదు. "నిజానికి ఫోన్ మోగలేదు" అని రాశారంటే మీరు హాయిగా సహజ దృక్పథంలోనే ఉన్నారు, నిజమైన ప్రపంచం ఒకటి పక్కన పెట్టుకుని దానితో మీ అనుభవాన్ని సరిచూస్తున్నారు. ఎపోకే రెండు వైపులా కోస్తుంది. మోగిందీ అనకూడదు, మోగలేదూ అనకూడదు. మోగినట్టుగా ఎలా కనిపించింది, తర్వాత మోగనట్టుగా ఎలా కనిపించింది, ఇది మాత్రమే అడగాలి.

దీంతోపాటు కారణాలు కూడా బ్రాకెట్లోకి పోతాయి. నరాలు, మెదడు, అలవాటు, ఫోన్ అడిక్షన్, ఇవన్నీ. తప్పని కాదు, వాటికి వేరే శాస్త్రాలున్నాయి, మన పేజీ మీద వాటికి చోటు లేదంతే.

ఇంకొక్క విషయం, మీ నమ్మకం మాత్రం పేజీ మీద ఉండాలి. ఆ క్షణంలో మీకు ఫోన్ మోగిందని అనుమానమే లేదు కదా, ఆ నిస్సందేహం అనుభవంలో భాగమే. దాన్ని మీరిప్పుడు నమ్మక్కర్లేదు, కానీ "నిస్సందేహంగా కనిపించింది" అని రాసి తీరాలి. నమ్మకాన్ని వాడటం వేరు, నమ్మకాన్ని వర్ణించడం వేరు.

మరి రిడక్షన్ ఏంటి, ఎపోకే ఏంటి? హుస్సెర్ల్ కూడా ఒక్కోచోట రెండింటినీ కలిపేసి వాడతాడు కాబట్టి కంగారు పడకండి. పని జరగడానికి ఇలా పెట్టుకోండి: తీర్పు ఆపడం ఎపోకే, ఆపాక చూపుని వస్తువు మీదనుంచి ఆ వస్తువు కనిపించే తీరు మీదకి తిప్పడం రిడక్షన్.

మొదటి డ్రాఫ్ట్, దాని మీద ఎర్ర గీతలు

ముందు మామూలుగా రాసెయ్యండి, ఏ జాగ్రత్తా లేకుండా. ఇదిగో, ఒక స్టూడెంట్ రాస్తే దాదాపు ఇలా ఉంటుంది:

*క్లాసులో కూర్చుని లెక్చర్ వింటున్నాను. తొడ కండరం అదిరితే ఫోన్ వైబ్రేట్ అయిందని పొరబడ్డాను. నిజానికి ఫోన్ బ్యాగులో ఉంది. ఎక్కువగా ఫోన్ వాడటం వల్ల మెదడుకి ఇలా అలవాటైపోయింది. కాస్త సిగ్గేసింది.*

చక్కటి తెలుగే, కానీ అనుభవం ఇందులో దాదాపు లేదు. ఒక్కో వాక్యం పట్టుకుందాం.

"తొడ కండరం అదిరితే" అన్నారు. ఆ క్షణంలో మీకు కండరం కనిపించిందా? లేదు, ఫోన్ కనిపించింది. కండరం అనేది తర్వాత జేబు ఖాళీ అని తేలాక మీరు వెతికి తెచ్చుకున్న వివరణ. బ్రాకెట్.

"పొరబడ్డాను" అనేది ఇంకా మోసం చేసే మాట. పొరపాటు జరుగుతున్నప్పుడు పొరపాటుగా ఉండదు, మామూలు చూడటం లాగే ఉంటుంది. చివరి సెకనులో తెలిసిన సంగతిని మొదటి సెకనులోకి తీసుకెళ్ళి పెట్టారు. మొదటిసారి రాసేవాళ్ళ పేజీల్లో నాకు ఎక్కువగా కనపడేది ఈ కాలం తప్పే, కారణాలు దూర్చడం కంటే దీన్ని పట్టుకోవడమే కష్టం.

"నిజానికి ఫోన్ బ్యాగులో ఉంది" తీర్పు. దీన్ని పూర్తిగా పారెయ్యక్కర్లేదు, మార్చి రాయాలి: చెయ్యి పెట్టినప్పుడు మీకు ఏం కనిపించింది? ఖాళీ జేబు. అదీ ఊరికే ఖాళీ కాదు, ఫోన్ లేని జేబు. తాళంచెవులు కూడా అందులో లేవు, కానీ తాళంచెవులు లేకపోవడం మీకు కనిపించలేదు, ఫోన్ లేకపోవడమే కనిపించింది. లేకపోవడానికి కూడా దిశ ఉంటుందన్నమాట.

మెదడు, అలవాటు గురించిన వాక్యం మొత్తం బ్రాకెట్, చర్చ అక్కర్లేదు.

"కాస్త సిగ్గేసింది" ఉంచండి, కానీ దేని గురించి సిగ్గు? ఫోన్ గురించా? కాదు, పక్కవాళ్ళు చూస్తే నేనెలా కనపడతాను అన్నదాని గురించి. ఫీలింగ్‌కి కూడా దాని వస్తువు దానికుంటుంది, అది రాయకపోతే వర్ణన సగమే.

ఇప్పుడు రెండో డ్రాఫ్ట్:

*మాటలు వింటున్నాను, అవి నా ముందువైపు నుంచి వస్తున్నాయి, కాళ్ళు జేబు ఏవీ నా ధ్యాసలో లేవు. కుడివైపు ఫోన్ వైబ్రేట్ అయింది. ఏదో కదిలింది, ఫోనేమో అని తేల్చుకున్నది కాదు, వస్తూనే ఫోన్‌గా వచ్చింది. ఫోన్ కూడా ఒక వస్తువులా కాదు, నన్ను ఎవరో పిలుస్తున్నట్టు. ఎవరో తెలీదు, కానీ ఎవరో ఒకరు. లెక్చర్ మాటలు ఉన్నట్టుండి వెనక్కి పోయాయి. ఇంకోసారి వైబ్రేట్ అవుతుందని ఒళ్ళంతా ఆగింది, అవ్వలేదు, అయితే మెసేజే అన్నట్టు తోచింది. చెయ్యి గట్టిగా నున్నగా ఉండేదాని కోసం ముందే సిద్ధమై వెళ్ళింది, మెత్తటి బట్ట తగిలింది. ఇందాకటి వైబ్రేషన్ ఇప్పుడు "అయినట్టు అనిపించినది"గా మారిపోయింది. పక్కవాళ్ళు చూశారేమోనన్న ధ్యాస వచ్చింది, ఆ చూపులో నేను తమాషాగా కనపడ్డాను.*

పొడవు పెరిగింది చూడండి, సమయం మాత్రం అదే నాలుగు సెకన్లు. రెండో డ్రాఫ్ట్ మొదటిదానికంటే పొట్టిగా వచ్చిందంటే మీరు వాక్యాలు కొట్టేశారు గానీ చూపు తిప్పలేదని అర్థం.

ఆ పేజీలో ఏం వెతకాలి

ముందు రెండు వైపులు విడదీయండి. వినడం, ఎదురుచూడటం, చెయ్యితో వెతకడం, సిగ్గుపడటం, ఇవి అనుభవించే తీరులు, హుస్సెర్ల్ మాటలో నోయెసిస్. పిలుపుగా కనిపించిన ఫోన్, ఫోన్ లేని జేబు, చూపులో పడ్డ నేను, ఇవి కనిపించినవి కనిపించినట్టుగా, అంటే నోయెమా. నోయెమా అంటే ఇంకో వస్తువు కాదు, ఫోన్‌కి జిరాక్స్ కాపీ అసలే కాదు. దీనికి ఆయనే చెప్పిన మాట ఒకటుంది: చెట్టు కాలిపోవచ్చు, రసాయనాలుగా విడిపోవచ్చు, కానీ చెట్టుని చూసినప్పుడు కనిపించిన అర్థం కాలదు. మన ఫోన్ విషయంలో ఇంకా తేలిక, కాలడానికి అక్కడ ఫోనే లేదు, అయినా "పిలుస్తున్న ఫోన్" అన్నది మీ పేజీ మీద చెక్కుచెదరకుండా ఉంది. నోయెమా గురించి పండితుల మధ్య ఇప్పటికీ పెద్ద గొడవే ఉంది, దాంట్లోకి మొదటి ఏడాదే దిగకండి.

రెండోది, నన్నడిగితే అసలు విషయం, ఎదురుచూపులు. ఒక్క చిన్న వైబ్రేషన్‌లోనే ఎన్ని ముందుకొచ్చి నిలబడ్డాయో లెక్కపెట్టండి: ఇంకో వైబ్రేషన్, చేతికి తగిలే గట్టి అంచు, తీస్తే వెలిగే స్క్రీన్, దాని మీద ఒక పేరు. ఇవేవీ మీరు ఆలోచించి పెట్టుకున్నవి కాదు, ఫోన్ ఫోన్‌గా కనిపించడంలోనే ఇమిడి వచ్చాయి. దీన్నే హొరైజన్ అంటారు. ఇందులో ఒక్కోటీ ఇంకా ఖాళీగా ఉన్న గురి, తర్వాత వచ్చే అనుభవం దాన్ని నింపుతుంది లేదా నిరాశపరుస్తుంది. మామూలు రోజుల్లో అన్నీ నిండుతూ పోతాయి కాబట్టి అవి ఉన్నట్టే మనకి తెలీదు. మెత్తటి బట్ట తగిలినప్పుడే "ఓహో, నా చెయ్యి గట్టిదాని కోసం వెళ్ళిందా" అని బయటపడుతుంది. తప్పిన అనుభవాలు ఫినామినాలజీకి బంగారంలాంటివి కావడానికి కారణం ఇదే.

హుస్సెర్ల్ కూడా ఇలాంటిదే వాడాడు. బెర్లిన్‌లోని మైనపు బొమ్మల మ్యూజియంలో మెట్ల దగ్గర ఒకావిడ రమ్మని పిలుస్తున్నట్టు కనపడుతుంది, దగ్గరికెళ్తే బొమ్మ. ఇక్కడ ఆవిడ, బొమ్మ రెండూ ఒకేసారి కనపడవు, ఒకటి గెలిస్తే రెండోది తగ్గాల్సిందే. మన కేసులో ఇంకో చిత్రం ఉంది. జేబు ఖాళీ అని తెలిశాక మార్పు ఇప్పటితోనే ఆగలేదు, వెనక్కి వెళ్ళి ఇందాకటి వైబ్రేషన్ మీద కూడా గీత కొట్టేసింది. అయితే ఆ గీత కింద పాత అక్షరాలు కనపడుతూనే ఉన్నాయి, ఇందాక అది ఫోనే అని మీకు ఇంకా గుర్తుంది. కొట్టివేత కూడా ఒక అనుభవమే, దాన్నీ రాయాలి. "అనిపించినది"గా మారింది అని రెండో డ్రాఫ్ట్‌లో ఉన్న వాక్యం అదే చేస్తోంది.

మార్చి మార్చి చూడటం

ఇక్కడితో ఆగితే మీ దగ్గరున్నది ఒక్క సంఘటన వర్ణనే. అందులో ఏది తప్పనిసరో తేలాలంటే ఊహలో మార్చి చూడాలి. ఫోన్ బదులు చేతికున్న స్మార్ట్ వాచీ పెట్టండి, అనుభవం కూలలేదు. క్లాసు బదులు బస్సు పెట్టండి, కూలలేదు. సిగ్గు తీసెయ్యండి, మిగతాది నిలబడే ఉంది. ఇప్పుడు ఎదురుచూపులన్నీ తీసెయ్యండి, ఇంకో వైబ్రేషన్ లేదు, గట్టి అంచు లేదు, స్క్రీన్ లేదు, చెయ్యి పెడితే ఏదో తగలాలన్న లెక్కే లేదు. ఇంకా అది ఫోనేనా? కాదు, తొడ మీద ఒక చురుకు మిగిలింది, అంతే. అంటే ఏ వస్తువైనా వస్తువుగా కనపడాలంటే, కనపడినదానికంటే ఎక్కువ ఉందని చెబుతూనే కనపడాలి. అలా చెప్పింది కాబట్టే మాట తప్పగలదు. నిరాశపడే అవకాశం చూడటానికి వచ్చిన జబ్బేమీ కాదు, వస్తువుని చూడటమంటేనే అది ఉంటుంది. ఈ పద్ధతిని ఐడెటిక్ రిడక్షన్ అంటారు, ఎపోకే నుంచి వేరే పని ఇది, పరీక్షల్లో రెండూ కలిపేసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు చాలామంది.

దారి తప్పారని ఎలా తెలుస్తుంది

మీ పేజీలో "వల్ల", "ఎందుకంటే", "నిజానికి" అనే మాటల కింద గీత గియ్యండి. ప్రతి గీత దగ్గరా ఆగి, ఇది ఆ క్షణంలో కనిపించిందా, తర్వాత తెచ్చిపెట్టానా అని అడగండి. "నిజానికి" ఒక్కోసారి అనుభవంలోనే ఉంటుంది, జేబు తడిమాక "నిజానికి లేదే" అని మీకే తోచి ఉంటే అది అప్పటి మాటే, ఉండనివ్వండి.

దీనికి ఎదురు తప్పు ఇంకోటుంది, పేజీ నిండా నా మూడ్, నా టెన్షన్, నా మనసు అని డైరీలా అయిపోవడం. ఫోన్ మాయమై మీరే మిగిలారంటే అది రిడక్షన్ కాదు, లోపలికి తొంగిచూడటం. ఇంటెన్షనాలిటీ నిజమైతే అనుభవాన్ని వర్ణించిన పేజీలో వస్తువే ఎక్కువ కనపడాలి, కనిపించిన తీరుతో సహా.

ఇక పరిమితి. మనం చేసినదాన్ని హుస్సెర్ల్ పూర్తి రిడక్షన్ అని ఒప్పుకోడు. క్లాసులో కూర్చున్న మనిషిగా మీరు ఇంకా బ్రాకెట్ బయటే ఉన్నారు కదా, ప్రపంచంలో ఒక మనిషికి కలిగిన అనుభవం అన్నట్టే రాశాం. ఆ మనిషిని కూడా బ్రాకెట్లో పెట్టి, "నేను, ఒక శరీరం ఉన్న మనిషిని, ఇక్కడ కూర్చున్నాను" అన్నది కూడా ఎలా కనపడుతోందని అడిగితే అది ట్రాన్సెండెంటల్ రిడక్షన్. అది ఎంతవరకు సాధ్యమన్నది పాత తగువే, రిడక్షన్ నేర్పే పెద్ద పాఠం పూర్తి రిడక్షన్ కుదరదన్నదే అని ఫ్రెంచ్ ఫిలాసఫర్ మెర్లో-పాంటీ 1945లో రాశాడు. మొదటిసారి చేసేవాళ్ళకి సగం రిడక్షన్ చాలు, కానీ సగమే చేశామని తెలిసి ఉండాలి.

చివరిగా ఒక టెస్ట్. నిజంగానే ఫోన్ మోగినప్పుడు ఆ నాలుగు సెకన్లు కూడా ఇలాగే రాయండి, రెండు పేజీలూ పక్కపక్కన పెట్టండి. చెయ్యి జేబులోకి వెళ్ళేదాకా రెండింటిలో తేడా ఉంటే, అది అప్పుడు కనిపించిన తేడా అయి ఉండాలి, ఒకటి స్పష్టంగా ఇంకోటి మసగ్గా వచ్చింది లాంటిది. అలా కాకుండా మోగని ఫోన్ పేజీలో మొదటి వాక్యం నుంచే "అనిపించింది", మోగిన ఫోన్ పేజీలో "మోగింది" అని ఉందంటే, "లేదు" అనే తీర్పు బ్రాకెట్లోంచి జారి బయటికొచ్చేసింది, ఆ వాక్యం దగ్గరనుంచి మళ్ళీ రాయండి.